పేరు వెలిగితే ఒక గీత: బడిలో నాలుగేళ్ల పక్షుల లెక్క తర్వాత

మా బడి హైదరాబాద్‌లో, ఒక మెయిన్ రోడ్డు పక్కన ఉంది. గ్రౌండ్ చుట్టూ వేప, కానుగ చెట్లు, నీళ్ల ట్యాంకు దగ్గర ఒక పెద్ద రావి చెట్టు. నేను ఏడో తరగతికి సైన్స్ చెబుతాను. 2023 నుంచి ప్రతి ఫిబ్రవరిలో పిల్లలతో పక్షులు లెక్కపెట్టిస్తున్నాను. ఆ నెలలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. మా లెక్క కూడా అందులోకే వెళ్తుంది. మాకున్న సరంజామా పెద్దదేమీ కాదు. మధ్యకు కోసిన లాంగ్ నోట్‌బుక్కులు, పెన్సిళ్లు, టీచర్ల ఫోన్లలో ఉచితంగా దొరికే ఒక పక్షుల గైడ్ యాప్. ఆ యాప్ ఎలా దించుకోవాలో, ఎలా తెరవాలో అందరికీ తెలిసిందే కాబట్టి అది వదిలేస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది అందులోని ఒకే ఒక్క బటన్ గురించి. కూత విని పక్షి పేరు చెప్పే బటన్.

మొదటి ఏడాది దాన్ని చూసి నాకు ఎంత సంబరమో చెప్పలేను. ఫోన్ పైకెత్తి పట్టుకుంటే చాలు, కూతలు గీతల్లాగా స్క్రీన్ మీద జరుగుతూ పోతాయి, కింద పేర్లు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. అదే పక్షి మళ్లీ కూస్తే దాని పేరు మళ్లీ వెలుగుతుంది. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. తెలిసిన టీచర్లందరికీ ఫోన్ చేసి "ముందు ఆ బటన్‌తోనే మొదలుపెట్టండి" అని నేనే చెప్పాను. ఇప్పుడు వాళ్లకు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని మళ్లీ చెప్పాల్సి వస్తోంది.

2024 ఫిబ్రవరి 16, శుక్రవారం. ముప్పై ఆరు మంది పిల్లలు, నాలుగు జట్లు, జట్టుకొక టీచర్ ఫోన్. గ్రౌండ్‌కు నాలుగు వైపులా నిలబెట్టాను. పొద్దున ఏడింటి నుంచి పదిహేను నిమిషాల లెక్క. అయ్యాక నోట్‌బుక్కులు తీసుకుని కూర్చుని కూడుతుంటే కంసాలి పిట్ట దగ్గర పెన్సిల్ ఆగింది. రావి చెట్టు జట్టు 23 అని రాసింది. వేప చెట్ల దగ్గరివాళ్లు 11, మెట్ల దగ్గరివాళ్లు 7, గేటు దగ్గర హారన్ల మధ్య నిలబడ్డవాళ్లు సున్నా. మొత్తం 41. నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. పిల్లలు అంత శ్రద్ధగా గీతలు గీశారు కదా అనుకున్నాను. అదే అంకె ఈ లెక్కలన్నీ చేరే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టాను. ఈ ప్రాంతానికి ఈ సంఖ్య చాలా ఎక్కువ, సరేనా, వివరం రాయండి అని అది అడిగింది. రాయడానికి నా దగ్గర ఏ వివరమూ లేదని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం రావి చెట్టు జట్టును పిలిచాను. "ఇరవై మూడు పిట్టల్ని చూశారా?"

"చూడలేదు మేడం. పేరు వెలిగినప్పుడల్లా ఒక గీత పెట్టినం."

కంసాలి పిట్ట కూత విన్నవాళ్లకు ఇందులో ఏం జరిగిందో వెంటనే తెలుస్తుంది. రాగి చెంబు మీద సుత్తితో కొట్టినట్టు టక్ టక్ టక్ అని నిమిషానికి వంద సార్లకు పైనే కొడుతుంది. కాసేపు ఆపుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. ఆగినప్పుడు పేరు మసకబారుతుంది, మొదలెట్టగానే వెలుగుతుంది. పదిహేను నిమిషాల్లో ఒక్క పిట్ట ఇరవై మూడు సార్లు ఆపి మొదలెట్టడం పెద్ద విశేషమేమీ కాదు. పైగా ఆ కూత గ్రౌండ్ అంతా వినిపిస్తుంది కాబట్టి ఒకే పిట్టను మూడు జట్లు మూడు చోట్ల నుంచి లెక్కపెట్టాయి. వాటిని కూడి నేను నాలుగో తప్పు చేశాను. బటన్ చెప్పేది ఏ పక్షి అని మాత్రమే. ఎన్ని అని అది చెప్పదు. మేము దాన్ని ఎన్ని అని అడిగాం.

మరుసటి రోజు శనివారం పొద్దున మళ్లీ వెళ్లాం. ఈసారి ఫోన్లన్నీ సంచిలోనే. నాలుగు జట్ల గడియారాలు ఒకే టైముకు సరిచేశాం. నోట్‌బుక్కులో అప్పటిదాకా సమయం, పక్షి, ఎన్ని అనే మూడు గడులే ఉండేవి. వాటి పక్కన ఇంకో రెండు గీశాం. ఒకటి చూశామా విన్నామా అని, చూస్తే "చూ", వింటే "వి". రెండోది దిక్కు. తూర్పు పడమరలు చెబితే పిల్లలు తికమక పడతారని ట్యాంకు, గేటు, మెట్లు, గోడ అని గుర్తులు పెట్టుకున్నాం. ప్రతి నిమిషం కంసాలి పిట్ట ఎటు నుంచి వినబడుతోందో రాయాలి, అంతే.

ఏడూ పది దాకా రావి చెట్టు జట్టు రాసిన దిక్కులు అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. ఒక నిమిషం ట్యాంకు వైపు, ఒక నిమిషం గోడ వైపు. మూడు పిట్టలు ఉన్నాయని వాళ్లలో వాళ్లే వాదులాడుకుంటున్నారు. అప్పుడు జట్టులో ఎప్పుడూ వెనక నిలబడే ఒక అమ్మాయి నా చెయ్యి లాగింది. "మేడం, ఒక్కటే ఉంది. తల తిప్పుతున్నది."

రావి చెట్టు సగం ఆకు రాల్చి ఉంది. పైన ఎండు కొమ్మ చివర, పిచ్చుక కంటే కొంచెం పెద్దగా, మెడ లేనట్టు గుండ్రంగా కూర్చుని ఉంది. ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్రటి బొట్టు, కంటి చుట్టూ పసుపు, గొంతు కింద ఇంకో ఎర్ర పట్టీ. కూస్తూ తల కుడికి తిప్పుతోంది, ఎడమకు తిప్పుతోంది. ముఖం మా వైపు ఉన్నప్పుడు ఒక చోటి నుంచి, పక్కకు తిరిగినప్పుడు ఇంకో చోటి నుంచి వచ్చినట్టు వినబడుతోంది. ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయే కనిపెట్టింది. కూస్తున్నంతసేపూ ముక్కు మూసే ఉంది. గొంతు పక్కన చర్మం మాత్రం ప్రతి టక్‌కు ఉబ్బి తగ్గుతోంది. పిల్లలు వంతులవారీగా చూశారు. అప్పటిదాకా వాదించినవాళ్లు ఏమీ మాట్లాడకుండా మూడు కొట్టేసి ఒకటి వేశారు.

క్లాసుకు వెళ్లి బోర్డు మీద గ్రౌండ్ బొమ్మ గీశాం. ఒక్కో జట్టు నిలబడ్డ చోట చుక్క పెట్టి, ఏడూ పన్నెండుకు వాళ్లు రాసిన దిక్కుకు స్కేలుతో గీత లాగాం. మూడు గీతలూ రావి చెట్టు దగ్గరే కలిశాయి. ఏడూ తొమ్మిదికి మాత్రం గోడ వైపు వేప చెట్ల జట్టు ఒకేసారి రెండు విన్నట్టు రాసింది. ఒకటి రావి చెట్టు నుంచి, ఒకటి వెనకాల రోడ్డు అవతల నుంచి. రెండూ ఒకే క్షణంలో కూస్తేనే రెండు పిట్టలని ఒప్పుకోవాలి. కాబట్టి శనివారం లెక్క 2.

ఇక్కడ చాలామంది చేసే ఇంకో తప్పు ఉంది, మేమూ కొంచెంలో చేసేవాళ్లం. శనివారం దొరికిన 2 తీసుకెళ్లి శుక్రవారం 41 స్థానంలో పెట్టేద్దాం అన్నారు పిల్లలు. అది కుదరదు. శుక్రవారం ఎన్ని ఉన్నాయో మనకు నిజంగా తెలియదు. ఈబర్డ్‌లో అంకె బదులు X అని పెడితే పక్షి ఉంది, లెక్కపెట్టలేదు అని అర్థం. శుక్రవారం జాబితాలో 41 తీసేసి X పెట్టాం. శనివారానికి వేరే జాబితా వేసి 2 రాశాం.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. మొదటి పది నిమిషాలు ఫోన్ బయటికి తీయం. వినబడిన పక్షి ఏదైనా 1 అనే రాస్తాం, ఒకేసారి రెండు చోట్ల నుంచి వినబడితేనే 2. కనబడే గోరింకలు, పావురాలు కూడా అంతే, ఒక్కసారిగా ఎన్ని కనబడ్డాయో అందులో పెద్ద అంకె రాస్తాం. జట్ల అంకెలు కూడం, పక్కపక్కన పెట్టి చూస్తాం. చివరి ఐదు నిమిషాల్లో బటన్ నొక్కుతాం. అది చెప్పిన పేరు నోట్‌బుక్కులో ప్రశ్న గుర్తుతో వెళ్తుంది. ఎవరైనా ఆ పక్షిని చూస్తేనో, కూత గుర్తుపట్టి నమ్మకంగా చెబితేనో ఆ గుర్తు చెరిపేస్తాం.

కోపం ఉన్నా ఒక మాట ఒప్పుకోవాలి. కానుగ పొదలో దాక్కుని, తన సైజుకు పదింతలు గొంతుతో అరిచే టైలర్‌బర్డ్‌ను ఆ బటన్ లేకపోతే మా పిల్లలు ఏ కప్పో అనుకుని వదిలేసేవాళ్లు. పేరు చెప్పాక పది నిమిషాలు పొద ముందు కదలకుండా కూర్చుని, దాన్ని చూసి మరీ వచ్చారు.

యాప్‌లో నాకు నిజంగా నచ్చింది అడిగి అడిగి పేరు చెప్పే భాగం. ఎంత పెద్దది, ఏ రంగులు, ఏం చేస్తోంది అని అడుగుతుంది, పిల్లలు ఇంకోసారి పక్షి వైపు చూడాల్సి వస్తుంది. ఇందులోనూ ఒక చిక్కుంది. సైజుకు కొలతగా పిచ్చుక, రాబిన్, కాకి, గూస్ అని ఇస్తుంది. ఆ రాబిన్ అమెరికాది, దాదాపు మన గోరింకంత ఉంటుంది. మా బడి గోడ మీద తోక ఎత్తుకుని తిరిగే ఇండియన్ రాబిన్ పిచ్చుకంతే ఉంటుంది. పిల్లలు ఆ నల్ల పిట్టతో పోల్చుకుని బుల్‌బుల్‌ను రాబిన్ కంటే పెద్దదని పెట్టారు. వచ్చిన జాబితాలో బుల్‌బుల్ లేనే లేదు. ఇప్పుడు ప్రతి నోట్‌బుక్కు అట్ట లోపల "రాబిన్ అంటే గోరింక" అని రాయించాను.

ఇదంతా మా బడి సంగతి. మాకు చెట్లున్నాయి, జట్టుకు తొమ్మిది మందే, పొద్దున్నే వచ్చే టీచర్లు ముగ్గురున్నారు. అరవై మంది పిల్లలు, ఒక్క టీచర్ ఉన్న చోట దిక్కుల గడి పెట్టించడం కష్టమే. అక్కడైతే అసలు వినడం మానేసి, చూసినవే లెక్కపెట్టడం మంచిదని నా అభిప్రాయం. అమీన్‌పూర్ చెరువు లాంటి చోటికి తీసుకెళ్లేవాళ్లకు ఈ గొడవే ఉండదు. బాతులు, కొంగలు నీళ్ల మీద కనబడుతూనే ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టే టీచర్ ఎవరైనా నన్ను అడిగితే, యాప్ వాడండి, మొదటి ఏడాది మాత్రం కూత బటన్ జోలికి పోకండి అంటాను.

ఈ ఫిబ్రవరిలో కంసాలి పిట్ట దగ్గర మా ఏడో తరగతి "1, వి, ట్యాంకు వైపు" అని రాసింది. రోడ్డు అవతలిది ఆ పదిహేను నిమిషాల్లో కూయలేదు. అది అక్కడే ఉంటుందని పిల్లలకు తెలుసు, నాకూ తెలుసు. అంకె మాత్రం 1గానే పంపాం.