ఊటీయా, గోవానా అని ఆలోచిస్తున్నారా? బుక్ చేసే ముందు మాకు జరిగింది ఒకసారి చదవండి

నేను బ్యాంక్‌లో, మా ఆయన ఐటీలో, ఆయనకి నెలలో సగం రోజులు నైట్ షిఫ్టే. ఏడాదిన్నర తర్వాత ఇద్దరికీ కలిపి సెలవు దొరికింది, మే నెలలో బుధవారం నుంచి ఆదివారం దాకా సరిగ్గా ఐదు రోజులు. నాకు చూడాల్సినవి ఏమీ వద్దు, పడుకోవాలి, లేచి టీ తాగాలి, మళ్ళీ పడుకోవాలి, అంతే అని ముందే చెప్పాను. సముద్రమా కొండా అని రెండు రోజులు మాట్లాడుకుని, ఎండాకాలం కదా చల్లగా ఉంటుందని ఊటీ వైపు ఒక కాటేజ్ బుక్ చేశాం. నాలుగు రాత్రులు, రాత్రికి 5,500 చొప్పున మొత్తం 22,000 ముందే కట్టేశాం, నాన్ రిఫండబుల్.

మొదటి తప్పు అక్కడికి వెళ్ళే దారిలోనే చేశాం. హైదరాబాద్ నుంచి కోయంబత్తూరు ఫ్లైట్ కన్నా బెంగళూరు ఫ్లైట్ చాలా తక్కువకి వచ్చింది, అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుంటే మూడొందల కిలోమీటర్లే కదా, ఏడు గంటల్లో వెళ్ళిపోతాం అనుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట దగ్గర దిగాం, కారు చేతికొచ్చేసరికి రెండున్నర. ఎయిర్‌పోర్ట్ ఊరికి ఉత్తరాన, మైసూరు రోడ్డు ఆ చివర, ఊరు దాటేసరికే ఐదైపోయింది. మైసూరు ఏడున్నర, అక్కడ భోజనం చేసి గుండ్లుపేట దాటి బండీపుర అడవి చెక్‌పోస్ట్ దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ ఇరవై, గేటు వేసేశారు. అడవి జంతువుల కోసం ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మామూలు బళ్ళని వదలరు, 2009 నుంచీ ఉన్న రూలే, మేమే కనుక్కోలేదు. నావిగేషన్ యాప్ మాత్రం చివరిదాకా ఆ దారే చూపించింది. వెనక్కి గుండ్లుపేట వచ్చి రోడ్డు పక్క లాడ్జిలో 1,400 కట్టి పడుకున్నాం, అక్కడ కాటేజ్‌లో మా మొదటి రాత్రి డబ్బు పోయింది.

ఆ రాత్రే ఇంకోటి తెలిసింది, ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకి వెళ్ళే బయటి బండికి ఈపాస్ కావాలి. మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి పెట్టారు, 2025 నుంచి సీజన్‌లో రోజుకి ఇన్ని బళ్ళే అని లెక్క కూడా ఉంది, నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతంలో 8,000. epass.tnega.org లో బండి నంబర్‌తో తీసుకోవాలి, అద్దె కారు నంబరేమో కారు చేతికొస్తే గానీ తెలీదు. లాడ్జిలో సిగ్నల్ సరిగా లేక రాత్రి పదకొండింటికి వచ్చింది. బుధవారం కాబట్టి దొరికింది, వారాంతం అయితే ఏమయ్యేదో. సైట్‌లో పని అయిపోయాక ఆ పాస్ స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పెట్టుకోండి, తమిళనాడు మొదలయ్యే కక్కనల్ల చెక్‌పోస్ట్ దగ్గర చూపించమంటారు.

గురువారం ఉదయం పదిన్నరకి ఊటీ. కాటేజ్ మాత్రం ఊటీలో లేదు. బుకింగ్ యాప్‌లో మ్యాప్ గుర్తు ‘సుమారు లొకేషన్’ అని ఊరి మధ్యలో చూపించింది, అసలు చోటు ఊరికి పదహారు కిలోమీటర్ల అవతల టీ తోటల్లో, ఆఖరి రెండు కిలోమీటర్లు రాళ్ళ దారి, మా చిన్న కారు పోదు. జీప్ వాళ్ళదే, ఒకసారికి 600. అంటే కాఫీ తాగాలని బయటికెళ్ళినా పోను రాను 1,200. గదిలో తేమ వాసన, దుప్పట్లు తడిగా అనిపించాయి, వేడినీళ్ళు పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకానే, వంటిల్లు రాత్రి ఎనిమిదికి మూసేస్తారు. శుక్రవారం రాత్రి పక్క కాటేజ్‌కి ఒక పెద్ద గుంపు వచ్చి ఒంటిగంటన్నర దాకా మంట దగ్గర స్పీకర్ పెట్టారు, ఓనర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. వేరే చోటికి మారదామంటే మేలో ఊటీలో మంచి గది అప్పటికప్పుడు దొరకదు, దొరికినా ఇక్కడ కట్టింది తిరిగి రాదు. శనివారం కాస్త తిరిగొద్దామని దొడ్డబెట్ట బయల్దేరితే ట్రాఫిక్‌లోనే నాలుగు గంటలు పోయాయి.

మా ఆయన ఆదివారం పొద్దున స్టీరింగ్ ముందు కూర్చుని ‘నాకు ఇంకో రెండు రోజులు సెలవు కావాలి’ అన్నారు, నాకు ఏడుపొచ్చింది. లెక్కేస్తే ఐదు రోజుల్లో మేము నిజంగా విశ్రాంతి తీసుకున్నది గురువారం మధ్యాహ్నం, శుక్రవారం పగలు, అంతే.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో పాలోలెం వెళ్ళాం, దక్షిణ గోవా. ఇంటి తలుపు నుంచి గది మంచం దాకా ఆరు గంటలు. మూడు రోజులు కారు ఎక్కలేదు, ఇసకలో నడిచి వెళ్ళి తిని రావడమే. తేడా కొండకి సముద్రానికి మధ్య కాదని నాకిప్పుడు అర్థమవుతోంది, గది నుంచి బయటికొస్తే కాళ్ళతో వెళ్ళగలిగేది ఏమైనా ఉందా, దిగిన దగ్గర్నుంచి గదికి ఎన్ని గంటలు, ఈ రెండే చూడాలి మాలాంటి వాళ్ళు.

అలాగని మేలో గోవా వెళ్ళమని చెప్పను. మేలో ఉక్కపోత, పొద్దున తొమ్మిది దాకా, సాయంత్రం ఐదు తర్వాతే ఇసక మీద ఉండగలం, మిగతా టైం ఏసీ గదిలోనే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సముద్రం పోటు మీద ఉంటుంది, లైఫ్‌గార్డులు ఎర్ర జెండాలు పెడతారు, ఒడ్డున తిండి దొరికే పాకలు, అదే షాక్‌లు, తీసేస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి అయితే నేను రెండో ఆలోచన లేకుండా సముద్రమే అంటాను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, గోవాకి రెండు ఎయిర్‌పోర్టులు, టికెట్ మీద GOX ఉంటే ఉత్తరాన మోపా, GOI ఉంటే దబోలిం. దక్షిణ గోవాకి వెళ్తూ చవకని మోపా టికెట్ కొంటే ట్యాక్సీలో ఇంకో గంట పైనే అదనం, డబ్బు కూడా అక్కడికే సరిపోతుంది.

మే నెలే దొరికింది, చల్లదనమే కావాలంటే కోయంబత్తూరు ఫ్లైట్ ఎక్కి డ్రైవర్‌తో క్యాబ్ తీసుకుని, ఊటీకి కాస్త కింద ఉన్న కూనూరులో ఊరి లోపలే ఉండండి, మళ్ళీ వెళ్తే నేను అదే చేస్తాను. మెట్టుపాళయం దారిలో బండీపుర గేటు గొడవ లేదు, ఎక్కేది కూడా తక్కువ, సిమ్స్ పార్క్ దగ్గర గది అయితే నడకకి వేరే చోటు వెతుక్కోనక్కర్లేదు. క్యాబ్ వాళ్ళని ఈపాస్ తీసుకున్నారా అని ముందు రోజే అడగండి.

డబ్బు కట్టే ముందు ఓనర్‌ని వాట్సాప్‌లో అసలు లొకేషన్ పంపమనండి, గేటు నుంచి మంచం దాకా ఆరోజు తీసిన వీడియో అడగండి, మామూలు కారు తలుపు దాకా వస్తుందా, వేడినీళ్ళు ఏ టైంలో, రాత్రి ఎన్నింటిదాకా తిండి, పాటలు ఎన్నింటికి ఆపిస్తారు, ఇవి రాతపూర్వకంగా చాట్‌లోనే చెప్పించుకోండి. మేము ఫోన్‌లో మాట్లాడాం, ‘అన్నీ ఉన్నాయి మేడమ్’ అన్నారు, తర్వాత యాప్ వాళ్ళకి కంప్లైంట్ పెడితే మొదట అడిగింది చాట్ ఉందా అనే. లొకేషన్ పంపడానికి సాకులు చెప్తే ఆ గది వదిలేయండి. నాన్ రిఫండబుల్‌లో మాకు తగ్గింది రాత్రికి 600 రూపాయలు, పోయింది మొదటి రాత్రి 5,500, యాప్ వాళ్ళు ఇంకా తిరిగి ఇవ్వలేదు.