ఫొటో పంపితే గంటలో అరబిక్‌లోకి అనువాదం చేసిస్తాననే ఆయన దగ్గర 1,800 రూపాయలు పోగొట్టుకున్నాను, మీరు జాగ్రత్త

కువైట్‌లో మనవాళ్లున్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఆయన ప్రకటన తిరుగుతోంది, ఎవరో మీకు తెలిసే ఉంటుంది. పేరు రాయను.

మా తమ్ముడు అక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఇక్కడ అమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, 05/08/2025న ఆపరేషన్ అయింది. లీవు కావాలంటే ఆసుపత్రి కాగితం అరబిక్‌లో చూపించమన్నాడు వాళ్ల బాబా, అంటే ఆ ఇంటి యజమాని. నేను డిశ్చార్జి కాగితం ఫొటో తీసి ఈయనకు పంపాను. దాంతో పాటు నేను రాసిన గొప్ప సందేశం ఇదీ: "అన్నా, అరబిక్‌లోకి, అర్జెంట్." మూడు ముక్కలు. నా తెలివికి దండం.

గంటలోనే వచ్చింది, అది నిజం. తమ్ముడు ప్రింటు తీసి ఇచ్చాడు. బాబా కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఆపరేషన్ మే నెలలో అయితే ఇప్పుడు లీవెందుకు?" అన్నాడట. తమ్ముడు నోరు వెళ్లబెట్టాడు. అయింది ఆగస్టు 5న. ఈ మహానుభావుడు 05/08ని అమెరికా లెక్కలో చదివి, అక్షరాల్లో "8 మాయో" అని రాసిపెట్టాడు. మాయో అంటే అక్కడ మే. అంటే మావాడు మూడు నెలల నాటి కాగితం పట్టుకుని నాటకం ఆడుతున్నట్టు!

అక్కడితో అయిపోలేదు. అమ్మ పేరులో 'గంగ' ఉంది. ఈజిప్టు వాళ్లు జీమ్ అక్షరాన్ని 'గ' అని పలుకుతారు, అందుకని వాళ్ల అలవాటు ప్రకారం 'గ' రాయాల్సిన చోట జీమ్ పెడతారు. ఈయనా అదే పెట్టాడు. కువైట్‌లో జీమ్ అంటే 'జ'. బాబా "జంజ ఎవరు?" అని అడిగాడు. పాస్‌పోర్టులో ఒక పేరు, ఈ కాగితంలో ఇంకో పేరు.

అసలు లీవుకు పనికొచ్చేది ఒకే ఒక్క లైను. డాక్టరు కింద మూలన చేత్తో రాసింది: నాలుగు వారాలు పక్కన మనిషి ఉండాలి అని. అనువాదంలో ఆ చోట "అస్పష్టం" అని ఉంది! రక్తపరీక్షల అంకెలు, ఆసుపత్రి చిరునామా, పైన ఉన్న నినాదం మాత్రం బ్రహ్మాండంగా అరబిక్‌లోకి వచ్చాయి. విరిగిన ఎముక పేరేమో ఇంగ్లీషు డాక్టరు మాటలనే అరబిక్ అక్షరాల్లో రాశాడు, డాక్టరు తప్ప ఎవరికీ అర్థం కాదు. తుంటి విరిగింది అంటే ఆ పెద్దాయనకు తెలిసేది కదా.

ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి. "అరబిక్ అంటే అరబిక్కే కదమ్మా. ఏ దేశమో, ఎవరికో మీరు చెప్పారా? మళ్లీ చేయాలంటే మళ్లీ డబ్బు." అని ఫోన్ పెట్టేశాడు. అమ్మ మంచం పక్కన కూర్చుని ఆ మాట విన్నాను. ఒళ్లు మండిపోయింది. అడగాల్సింది నువ్వు కదా, రోజూ ఇదే పని చేసేది నువ్వు కదా? చెప్పలేదన్న మాట మాత్రం నిజమే, అదే ఇంకా మంట.

తర్వాత వేరే ఒకావిడకు ఇలా రాసి పంపాను, కావాలంటే వాడుకోండి: "ఇది చదివేది కువైట్‌లో తమ్ముడు పనిచేసే ఇంటి యజమాని, డాక్టరు కాదు, పెద్దవయసు ఆయన. తమ్ముడికి నాలుగు వారాల లీవు కోసం. ఆఫీసులో ఇవ్వడానికి కాదు, స్టాంపు అక్కర్లేదు. కాగితం ఇండియాది, తేదీలో ముందు రోజు, తర్వాత నెల. నెల అక్షరాల్లో రాయండి. పేరు 'గంగ' అని పలకాలి. కింద చేతిరాత లైను ముఖ్యం, దాని ఫొటో విడిగా పెట్టాను, ఆ లైను ఇదీ." ఆ లైను నేనే టైపు చేసి కూడా పంపాను. పుస్తకాల్లో, పేపర్లలో ఉండే అరబిక్‌లోనే చేయమన్నాను, మాట్లాడే యాసలో వద్దని. ఆవిడ తిరిగి అడిగింది ఒక్కటే: పేరు తమ్ముడి కాగితాల్లో ఎక్కడైనా అరబిక్‌లో ఉందా అని. ఉంటే అదే స్పెల్లింగు వాడాలట.

ఇరాక్, లెబనాన్, సిరియా వైపు పంపేవాళ్లు నెలల పేర్లు చూసుకోండి, అక్కడ ఆగస్టును ఆబ్ అంటారు, గల్ఫ్‌లో అగుస్తుస్. కోర్టుకో ఎంబసీకో అయితే ముందే చెప్పండి, దానికి స్టాంపున్న అనువాదకుడు వేరే ఉంటాడు.

ఫొటో తీసేటప్పుడు నాలుగు మూలలూ కనిపించాలి. నా ఫొటోలో ఆ చేతిరాత మీద నా బొటనవేలి నీడ పడింది. ఇప్పుడే చూశాను.