అంగుళానికి అడుగు: మా లైబ్రరీ ర్యాంపు, తలుపులు, టాయిలెట్ మూడేళ్ళు వాడాక

మా టౌన్‌లో ఒక చిన్న లైబ్రరీ ఉంది. ఒక హాలు, లైబ్రేరియన్ గారి గది, వెనక వరండా చివర టాయిలెట్లు, అంతే. వెన్నెముక దెబ్బతిని నడుం కింద పట్టు పోయినప్పటినుంచీ నేను వీల్‌చైర్‌లోనే ఉంటున్నాను. ఈ బిల్డింగ్‌లో ర్యాంపు, తలుపులు, టాయిలెట్ మార్చి మూడేళ్ళు దాటింది. వారానికి నాలుగైదు రోజులు వెళ్తాను కాబట్టి ఏది పనికొచ్చింది, ఏది ఫొటో వరకే బాగుంది అన్నది ఇప్పుడు చెప్పగలను.

ముందు ర్యాంపు. పాతది కూడా ఒకటి ఉండేది. మూడు మెట్ల పక్కన, నేలనుంచి హాలు గచ్చు దాకా 21 అంగుళాల ఎత్తు ఎక్కడానికి 9 అడుగుల పొడవున సిమెంటు వాలు పోశారు. స్కూటర్ ఎక్కించడానికి బాగా పనికొచ్చేది. నేను, కుర్చీ కలిపి 88 కిలోలు. ఆ వాలు మీద దాదాపు 17 కిలోలు వెనక్కి లాగుతున్నట్టు ఉండేది. సగం దూరం పోయేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచేవి, వెనకనుంచి అటెండరు పట్టుకోకపోతే వెల్లకిలా పడటమే. దిగేటప్పుడు ఇంకా ఘోరం, వెనక్కి తిప్పి దింపాల్సి వచ్చేది.

మార్చేటప్పుడు మేస్త్రీతో నేను చెప్పింది ఒకటే లెక్క. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. కేంద్ర ప్రభుత్వం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 1:12 అని ఉన్నది ఇదే. కానీ "ఒకటికి పన్నెండు" అంటే ఎవరూ పట్టించుకోరు, "అంగుళానికి అడుగు" అంటే మేస్త్రీ వెంటనే టేపు తీశాడు. 21 అంగుళాలకి 21 అడుగులు. కాంపౌండ్‌లో అంత చోటు తిన్నగా లేదు. అందుకని గోడ వెంబడి 12 అడుగులు వెళ్ళి, అక్కడ 5 అడుగుల చదరం చదునుగా వదిలి, పక్కకి తిరిగి ఇంకో 9 అడుగులు వేశారు. వెడల్పు 4 అడుగులు. ఇప్పుడు అదే బరువుకి వెనక్కి లాగేది ఏడు కిలోలు మాత్రమే. మధ్యలో ఆ చదును దగ్గర ఊపిరి పీల్చుకుని, ఎవరి సాయం లేకుండా ఎక్కుతున్నాను. మీ ఊళ్ళో ర్యాంపు సరైనదో కాదో చూడాలంటే ఫోన్‌లో లెవల్ చూపించే యాప్ తెరిచి వాలు మీద పెట్టండి. అయిదు డిగ్రీల లోపు ఉంటే పర్వాలేదు. మా పాతది 11 చూపించింది.

వాలు కుదిరింది. తర్వాత తేడా వచ్చింది ర్యాంపు మొదట్లో. కట్టినప్పుడు ర్యాంపు అంచు, నేల ఒక్క మట్టంగా ఉండేవి. మొదటి వానాకాలంలోనే గ్రావెల్ కొట్టుకుపోయి అక్కడ అంగుళంన్నర మెట్టు తేలింది. నడిచేవాళ్ళ కాలికి అది తగలను కూడా తగలదు. నేను దిగి వస్తుంటే ముందున్న చిన్న చక్రాలు ఆ అంచు మీదనుంచి ధబ్బున పడి గుచ్చుకున్నాయి, నేను మోకాళ్ళ మీదకి వచ్చి పడ్డాను. దెబ్బ పెద్దది కాదు కానీ, ఆ తర్వాత నెల రోజులు టెన్షన్‌తో అక్కడ ఆగి ఆగి దిగేవాణ్ణి. చివరికి ర్యాంపు ముందు రెండడుగుల మేర కాంక్రీటు పోస్తే తీరింది. బిల్లు మొత్తంలో అదే అన్నిటికన్నా చిన్న పద్దు. ముందే పోసి ఉంటే సరిపోయేది.

రెయిలింగు గురించి ఒక్క మాట. రెండు వైపులా స్టీలు పైపులు వేశారు, ధగధగ మెరుస్తాయి. మే నెల మధ్యాహ్నం వాటి మీద చెయ్యి పెట్టి చూడండి. నేను ఎండాకాలం పదకొండు లోపే వెళ్ళి వస్తున్నాను.

తలుపుల దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు, ఇంజనీర్లతో సహా. మన దగ్గర "మూడడుగుల తలుపు" అంటే ద్వారబంధం బయటి కొలత మూడడుగులు. రెండు వైపులా కమ్మీలు రెండున్నర అంగుళాల చొప్పున తింటాయి. తలుపు తెరిచాక రెక్క మందం ఇంకో అంగుళంపావు పోతుంది. మిగిలేది 30 అంగుళాలకన్నా తక్కువ. నా కుర్చీ మొత్తం వెడల్పు 25 అంగుళాలు, చక్రాలు తిప్పే చేతులు అటూ ఇటూ ఇంకాస్త చోటు అడుగుతాయి. కాబట్టి మూడడుగుల తలుపులోంచి వెళ్ళగలను, వేళ్ళ కణుపులు గీరుకుపోకుండా జాగ్రత్తగా. మార్గదర్శకాలు చెప్పేది 900 మిల్లీమీటర్లు, అది కూడా తెరిచాక మిగిలే ఖాళీ. ఆ ఖాళీ రావాలంటే ద్వారబంధం మూడున్నర అడుగులు ఉండాలి. 42 అంగుళాల్లోంచి కమ్మీలకి అయిదు, రెక్కకి అంగుళంపావు తీసేస్తే ముప్పై అయిదూ ముప్పావు, అంటే 900కి కాస్త పైన. వడ్రంగికి 900 అని చెబితే బయటి కొలత 900 పెట్టి తెస్తాడు. మాకు ఒకసారి అలాగే తెచ్చాడు, వెనక్కి పంపాం. ఏ తలుపైనా కొలవాలంటే దాన్ని పూర్తిగా తెరిచి, రెక్క ముఖంనుంచి ఎదుటి కమ్మీ దాకా టేపు పట్టుకోండి. మిగతా కొలతలేవీ నాకు అక్కర్లేదు.

మెయిన్ డోర్ నాలుగడుగులది, రెండు రెక్కలు. కాగితం మీద చూస్తే బ్రహ్మాండం. రోజూ తెరిచేది ఒక్క రెక్కే. అప్పుడు మిగిలేది 20 అంగుళాలు. రెండో రెక్కకి పైన ఒక గడియ, కింద ఒక గడియ. పై గడియ నాకు అందదు. మొదటి ఏడాది నేను ర్యాంపు పైదాకా నా అంతట నేను వచ్చి, గుమ్మం ముందు "అన్నా, తలుపు" అని కేకేసేవాణ్ణి. చదువుకునేవాళ్ళందరూ తలెత్తి చూసేవాళ్ళు. ఇప్పుడు అటెండరు పొద్దున్నే రెండు రెక్కలూ తీసి కింద రాళ్ళు పెడుతున్నాడు. ఆయన సెలవు పెట్టిన రోజు మళ్ళీ కేకే.

గడప గురించి కొత్త లైబ్రేరియన్ గారితో చిన్న వాదన నడిచింది. రెండంగుళాల చెక్క గడప, ప్రతి పండక్కీ పసుపు రాసి కుంకుమ పెడతారు. కోసేద్దామంటే ఎవరికీ మనసొప్పలేదు, నిజం చెప్పాలంటే నాకూ ఒప్పలేదు. గడపకి రెండు వైపులా రెండడుగుల చొప్పున వాలుగా చెక్కలు చేయించి స్క్రూలు బిగించారు. వాటి లెక్క కూడా అదే, అంగుళానికి అడుగు. పండగ రోజు చెక్కలు విప్పి, పసుపు రాసి, మళ్ళీ బిగిస్తారు.

ఇక టాయిలెట్. ఇక్కడ మార్కులు ఇవ్వడం కష్టం.

పక్కపక్కనే ఉన్న రెండు ఇండియన్ లెట్రిన్ల మధ్య గోడ కొట్టేసి ఒకటి చేశారు. లోపల 7 అడుగులు, 6 అడుగులు వచ్చింది. 2200 బై 2000 మిల్లీమీటర్లు కావాలన్న లెక్కకి కాస్త తక్కువే, అయినా పనవుతుంది. తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపలికి తెరుచుకునేదైతే కుర్చీ లోపలికొచ్చాక తలుపు వెయ్యలేం, లోపల మనిషి పడిపోతే బయటివాళ్ళు తెరవనూ లేరు. కమోడ్‌ని ఎడమ గోడనుంచి మధ్య గీతకి అడుగున్నర దూరంలో పెట్టి, కుడి పక్కన మూడడుగుల ఖాళీ వదిలారు. నేను కుర్చీని ఆ ఖాళీలోకి వెనక్కి పోనిచ్చి, కమోడ్ పక్కనే ఆపి, బ్రేకు వేసి, పక్కకి జరుగుతాను. కుడిచేయి పట్టు లేనివాళ్ళకి ఎడమ వైపు ఖాళీ కావాలి, వాళ్ళకి ఈ టాయిలెట్ పనికిరాదు. ఒక్కటే టాయిలెట్ ఉన్న చోట అందరికీ సరిపడేలా చెయ్యడం కుదరదు.

ఎత్తు దగ్గర ఒక పొరపాటు జరిగింది. మామూలు కమోడ్ సీటుతో కలిపి 17 అంగుళాలు ఉంటుంది. దిండుతో నా కుర్చీ 20. దిగడం తేలికే, తిరిగి మూడంగుళాలు పైకి ఒళ్ళు లేపడమే కష్టం. ఎత్తుగా ఉండే కమోడ్ తెప్పించమంటే, ఉన్నదాని కింద రెండంగుళాల సిమెంటు దిమ్మ కట్టారు. ఎత్తు సరిపోయింది. కానీ దిమ్మని కమోడ్ పాదంకన్నా నాలుగంగుళాలు బయటికి పోశారు. నా కుర్చీ ఫుట్‌రెస్టు దానికి తగిలి, దగ్గరికి రానివ్వలేదు. మళ్ళీ చెక్కించాల్సి వచ్చింది. దిమ్మ కట్టేటట్టయితే కమోడ్ పాదం ఎంతుందో అంతే ఉండాలి.

పట్టుకునే కడ్డీలు అసలు కథ. నాలుగో నెలలో గోడవైపు కడ్డీ ఒక చివర ఊడి నా చేతిలోకి వచ్చింది. అప్పుడు నా బరువంతా దాని మీదే ఉంది. అదృష్టం బాగుండి కమోడ్ మీదే కూలబడ్డాను. చూస్తే అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, దానికి ప్లాస్టిక్ ప్లగ్గులు, అంగుళం స్క్రూలు. టవల్ రాడ్ బిగించినట్టు బిగించారు. ఆ తర్వాత గోడకి ఇవతలనుంచి అవతలి దాకా రంధ్రాలు చేసి, అవతల ఇనుప ప్లేటు పెట్టి, పొడుగు బోల్టులు వేశారు. రెండేళ్ళు దాటింది, కదల్లేదు. కొత్త చోటికి వెళ్తే నేను ఇప్పుడు ముందు చేసే పని, కడ్డీ చివర గుండ్రటి బిళ్ళ కింద చూడటం. టైలు మీద తెల్లటి పొడి రాలి ఉన్నా, బిళ్ళకీ టైలుకీ మధ్య సన్నటి నల్లగీత కనిపించినా, దాన్ని నమ్మి ఒళ్ళు లేపను. తర్వాత కూర్చునే ఉండి చేత్తో గట్టిగా ఊపి చూస్తాను.

వాష్‌బేసిన్ కింద మొదట నిలువు స్తంభం ఉండేది, మోకాళ్ళు పట్టేవి కావు, పక్కనుంచి వంగి చేతులు కడుక్కునేవాణ్ణి. అది తీసేసి గోడకి బ్రాకెట్లు వేశారు, బాగుంది.

ఇంత చేశాక రెండో ఏడాది సగం రోజులు నేను ఆ టాయిలెట్ వాడలేకపోయాను. కారణం కట్టడం కాదు. కమోడ్ పక్కన వదిలిన మూడడుగుల ఖాళీ చూస్తే ఎవరికైనా అక్కడ ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది. ముందు చీపురు, ఫినాయిల్ డబ్బా వచ్చాయి. తర్వాత విరిగిన రెండు కుర్చీలు, ఆ తర్వాత పాత న్యూస్‌పేపర్ల కట్టలు. సామాను ఉంది కాబట్టి తాళం పడింది. తాళం చెవి లైబ్రేరియన్ గారి సొరుగులో, ఆయన మీటింగులో. ఒకరోజు నలభై నిమిషాలు ఆగి, ఆటో పిలిచి ఇంటికి వెళ్ళిపోయాను. తర్వాత ఆ ఖాళీ చుట్టూ పసుపు పెయింటుతో గీత గీయించి, "ఇక్కడ వీల్‌చైర్ ఆగును" అని గచ్చు మీదే రాయించాను. కుర్చీలు, కట్టలు వెళ్ళిపోయాయి, తాళం తీసేశారు. ఫినాయిల్ డబ్బా మాత్రం ఇంకా గీత మీదే ఉంటుంది. మొన్న కూడా దాన్ని ఫుట్‌రెస్టుతో పక్కకి తోసి లోపలికి వెళ్ళాను.