మరిపించడమా, గుర్తు చేయడమా? తండ్రిని పోగొట్టుకున్న భర్తకి ఏది మేలు

"మా మావయ్యగారు పోయి మూడు నెలలైంది. ఆయన ఊసెత్తితే మా ఆయన బాధపడతారేమోనని ఎత్తడం లేదు. ఎత్తాలా, వద్దా?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేది భార్యలైనా భర్తలైనా లోపల ఉన్న భయం ఒక్కటే. మాట్లాడితే పుండు కెలికినట్టవుతుందేమో, మాట్లాడకపోతే పట్టించుకోలేదనుకుంటారేమో.

చేయగలిగినవి మూడు కనిపిస్తాయి. మనసు వేరే వైపు మళ్లించి మరిపించడం ఒకటి. దగ్గర కూర్చుని "ఎలా ఉంది మీకు?" అని కదిపి ఓదార్చడం రెండోది. పోయిన మనిషిని రోజువారీ మాటల్లోకి మామూలుగా తెస్తూ ఉండటం మూడోది. నా మొగ్గు మూడోదాని వైపే. అలాగని మిగతా రెండూ పనికిరావని కాదు.

వీటిలో ఏదైనా అసలు అవసరమయ్యేది ఎప్పుడో ముందు చూడాలి. పెద్దకర్మ అయ్యేదాకా ఇంటి నిండా జనం ఉంటారు. పెద్దకొడుకైతే మరీను. తలకొరివి, అస్థికలు, పిండాలు, బంతి భోజనాలకి వంటవాళ్లు, శాంతి హోమం సామాన్లు, వచ్చినవాళ్లకి పడకలు, ఇవన్నీ చూసుకునేసరికి ఏడవడానికి కూడా తీరిక ఉండదు. పైగా ప్రతి పెద్దమనిషీ భుజం తట్టి "ఇంక ఇంటికి పెద్ద నువ్వే, నువ్వే ఇలా అయితే అమ్మనెవరు చూస్తారు" అంటాడు. ఆ పది పన్నెండు రోజులూ మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఊరి నుంచి వచ్చి, ఆఫీసులో చేరి, పరామర్శల ఫోన్లు ఆగిపోయాక అప్పుడు మొదలవుతుంది అసలు బాధ. మగవాళ్లలో అది ఏడుపుగా కాక చిరాకుగా, నిద్ర పట్టకపోవడంగా, టీవీ ముందు మాటల్లేకుండా కూర్చోవడంగా బయటపడటం ఎక్కువ. కూరలో ఉప్పు తగ్గిందని అరిస్తే, ఆ అరుపు ఉప్పు గురించి కాకపోవచ్చు.

మరిపించడం సంగతికొస్తే, దానికి ఉన్న చెడ్డపేరంతా న్యాయం కాదు. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి ఒకే చోట ఉండడు, కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు ముందున్న బతుకు వైపు ఊగుతూ ఉంటాడు, ఆ రెండూ కావాలి అని. కాబట్టి మీ ఆయన క్రికెట్ చూసి గట్టిగా నవ్వితే తండ్రిని మరిచిపోయాడని అనుకోకండి. అది మనసు తీసుకున్న విరామం. చిక్కు ఎక్కడంటే, ఆ మళ్లే క్షణాన్ని ఆయన ఎంచుకోవాలి, మీరు కాదు. ఆయన ఫోటో ముందు నిలబడి ఉన్నప్పుడు "రండి, సినిమాకి వెళ్దాం" అంటే, నా ముందు బాధపడకు అని చెప్పినట్టే వినిపిస్తుంది. ఆయనే "ఎక్కడికైనా వెళ్దామా?" అంటే మాత్రం వెంటనే చెప్పులేసుకోండి.

ఓదార్చడంలో మనసు మంచిదే, మాటలే దెబ్బతీస్తాయి. "పెద్దవయసే కదా, అన్నీ చూశారు." "మంచాన పడకుండా పోయారు, అదృష్టవంతులు." "మా నాన్న పోయినప్పుడు నేనూ ఇలాగే..." వీటిలో అబద్ధం లేకపోవచ్చు. కానీ మూడూ ఒకే పని చేస్తాయి, బాధ ఇంత ఉండాల్సిన అవసరం లేదని లెక్క చెప్తాయి. డెబ్బై ఎనిమిదేళ్ల తండ్రి పోయినా కొడుక్కి పోయింది నాన్నే. ఇక "ఆ హాస్పిటల్‌కి కాకుండా ముందే వేరే చోటికి తీసుకెళ్లి ఉంటే" అన్న మాట, ఎంత నిజమైనా, భార్య నోటి నుంచి రాకూడదు. ఆ మాట ఆయన ఇప్పటికే తనలో తాను చాలాసార్లు అనుకుని ఉంటాడు.

"ఎలా ఉంది మీకు?" అన్న ప్రశ్న వీటికంటే మేలు. దాని లోపం వేరు. దానికి జవాబు చెప్పాలంటే తన లోపల ఏముందో ఆయన వెతుక్కుని, మాటల్లో పెట్టాలి. మన ఇళ్లలో చాలామంది మగవాళ్లకి ఆ అలవాటు లేదు. "బాగానే ఉంది" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. "ఏదైనా కావాలంటే చెప్పండి" కూడా అంతే, ఏం కావాలో ఆలోచించే పని మళ్లీ ఆయన మీదే పడుతుంది. దానికి బదులు "రేపు మీ అమ్మగారికి మందులు నేను పంపిస్తాను" అని తేల్చేస్తే ఒక బరువు దిగుతుంది.

మూడో దారిలో మీరు ఆయన దుఃఖం గురించి అడగరు, ఆయన తండ్రి గురించి మాట్లాడతారు. తేడా చిన్నదిలా ఉంటుంది, కానీ నా దృష్టిలో అంతా తేలేది ఇక్కడే. మా దూరపు బంధువుల్లో ఒక జంట ఉన్నారు. ఊరు కోనసీమ, ఉద్యోగం హైదరాబాద్. మామగారు పోయాక నాలుగో నెలకి ఆ అబ్బాయి ఇంట్లో మాట్లాడటం దాదాపు మానేశాడు. ఆ అమ్మాయి మొదట్లో రోజూ అడిగేది, ఆయన విసుక్కునేవాడు, తర్వాత భయపడి పూర్తిగా ఊరుకుంది. ఇంట్లో ఒక మనిషి పేరు నిషిద్ధమైపోయింది. పిల్లలు కూడా "తాతయ్య" అనబోయి ఆగిపోయేవారు.

ఒకరోజు పనసపొట్టు కూర చేస్తూ ఆవిడ ఊరికే అంది: "మావయ్యగారైతే ఆవ ఇంకా ఘాటుగా ఉండాలనేవారు." అడగలేదు, ఆయన ముఖంలోకి చూడలేదు, పొయ్యి దగ్గర పని ఆపలేదు. ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత భోజనాల దగ్గర ఆయనే ఎత్తుకున్నాడు, నాన్న పనస చెట్టెక్కి కాయ కోస్తుంటే కింద తను గోనె పట్టుకుని నిలబడిన సంగతి. కథ మధ్యలో గొంతు పూడుకుపోయింది. ఆవిడ నీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "కాయ గోనెలో పడిందా?" అంది. ఆయన ఏడుస్తూనే నవ్వి, మిగతాది చెప్పాడు.

ఇందులో గమనించాల్సింది ఆ మాట కుదురు. అది ప్రశ్న కాదు, కాబట్టి జవాబు బాకీ లేదు. ఆయన అందుకోవచ్చు, వదిలేయవచ్చు. "ఆయన చాలా మంచివారు" లాంటి శ్రద్ధాంజలి మాట కాదు, ఆవ ఘాటు లాంటి ఒక చిన్న నిజం. ఏడుపొచ్చినప్పుడు ఆవిడ "అయ్యో, అనవసరంగా గుర్తు చేశాను" అని వెనక్కి తగ్గలేదు. మీరు గుర్తు చేయడం వల్ల ఏడుపు రాలేదు, ఆయన మరిచిపోనే లేదు కదా. తండ్రి మంచితనమే కాదు, మొండితనం, కోపం కూడా ఆ మాటల్లోకి రావచ్చు. తండ్రీకొడుకులకి పడని ఇళ్లలో ఇది మరీ అవసరం, అక్కడ దుఃఖంలో కోపం కూడా కలిసి ఉంటుంది, దాన్ని ఒప్పుకోవడానికి సిగ్గుపడతారు. అయితే ఆ కోపాన్ని ముందు ఆయనే బయటపెట్టాలి. కోడలు మొదలెడితే గొడవే.

ఎలా ఉంటే పనిచేయనట్టు? మీరు ఎత్తిన ప్రతిసారీ ఆయన లేచి వెళ్లిపోతుంటే కొన్నాళ్లు ఆపండి. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం ఆపమన్న గుర్తు కాదు, లేచి వెళ్లిపోవడమే గుర్తు.

అపరాధ భావం మొదలైతే మాత్రం కొంచెం జాగ్రత్త. "శనివారమే బయల్దేరి ఉంటే చివరి చూపు దక్కేది" అంటే మన నోట్లోంచి వెంటనే వచ్చేది "మీ తప్పేం లేదండీ" అనే. ఆ మాట తప్పు కాదు, తొందరగా వచ్చేస్తే తలుపు మూస్తుంది. "వెళ్లి ఉంటే ఏం మాట్లాడేవారు?" అని అడిగి చూడండి. చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట బయటికొస్తుంది. అప్పుడు "మీ తప్పేం లేదు" అన్నా చెవికెక్కుతుంది.

కాగితాల సాయం దేనికీ పోటీ కాదు, మూడింటితోనూ సాగుతుంది. మరణాన్ని 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే రుసుము లేదు, ఆలస్యమైన కొద్దీ అనుమతులు పెరుగుతాయి. రిజిస్ట్రేషన్ మనిషి పోయిన చోట జరుగుతుంది, సొంతూళ్లో కాదు. హైదరాబాద్ హాస్పిటల్‌లో పోతే సర్టిఫికెట్ కోసం కోనసీమ పంచాయతీ చుట్టూ తిరిగి లాభం లేదు. సంతకాలు నామినీ, వారసులే పెట్టాలి గానీ, ఫారాలు నింపడం, నకళ్లు తీయించడం, బ్యాంకుకి ఫోన్ చేయడం మీరు చేయొచ్చు.

ఇందులోనే ఎవరూ ముందు చెప్పని విషయం ఫోన్ నంబరు. వాడకం, రీచార్జి లేకుండా మూడు నెలలు పోతే నంబరు రద్దయి తర్వాత వేరేవాళ్లకి వెళ్లొచ్చు. అప్పుడు వాట్సాప్‌లో నాన్న పేరు పక్కన ఎవరిదో ఫోటో కనిపిస్తుంది, అది మామూలు దెబ్బ కాదు. కొన్నాళ్లు రీచార్జి చేయిస్తూ ఉండండి, ఆ ఫోన్‌లోని గొంతు మెసేజ్‌లు, ఫోటోలు వేరే చోట దాచండి. దాచానని ఒక్కసారి చెప్పి ఊరుకోండి, ఎప్పుడు వినాలో ఆయన ఇష్టం.

మిగిలిన సలహాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తీర్థయాత్ర, షికారు: ఆయన అడిగితేనే. అత్తగారిని వెంటనే సిటీకి తెచ్చేయడం: ఆవిడనే అడగండి, సంవత్సరీకం దాకా సొంతిల్లు కదలనంటే ఆ మాట గౌరవించండి. కౌన్సెలర్: తిండి, ఉద్యోగం దెబ్బతిన్నా, తాగుడు పెరిగినా వెళ్లాలి. ఏడాది దాటినా బాధ దాదాపు రోజూ మొదటి నెలలో ఉన్నంత తీవ్రంగానే ఉండి బతుకు ముందుకు సాగకపోతే, అది వైద్యం ఉన్న సమస్యే. చచ్చిపోవాలన్న మాట వస్తే రోజులు లెక్కపెట్టకండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

భార్య తండ్రి పోయినప్పుడు భర్తలకీ ఇవన్నీ వర్తిస్తాయి, ఇంకో రెండు అదనంగా. పెళ్లయిన కూతురికి మైల మూడు రోజులే అన్న లెక్క పట్టుకుని "ఇంక ఎప్పుడొస్తావ్?" అని ఫోన్ చేయొద్దు. మీ అమ్మగారు అడిగినా ఆ ప్రశ్న మీ దగ్గరే ఆపండి. ఆవిడ తిరిగొచ్చాక పుట్టింటి కబుర్లు మీరే ఎత్తండి, అత్తింట్లో తన నాన్న గురించి తెలిసిన మనిషి మీరొక్కరే కావచ్చు. రెండోది ఆస్తి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది, అందుకే చాలా ఇళ్లలో పెద్దకర్మ కాగానే హక్కు విడుదల కాగితం ముందుకొస్తుంది. "సంతకం పెట్టు" అనీ అనొద్దు, "పెట్టకు" అనీ అనొద్దు. "ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు, సంవత్సరీకం అయ్యాక నువ్వే ఆలోచించుకో, నువ్వేం అనుకుంటే అదే" అనండి, అన్నాక మీ అంతట మీరు ఆ ఊసు మళ్లీ తేవద్దు.