నానబెడితే చాలా, మొలకెత్తించాలా?

పొట్ట ఉబ్బరం తగ్గడమే కావాలంటే పెసల్ని నానబెట్టినా మేలే. కప్పు పెసలకు మూడు కప్పుల నీళ్లు పోసి, 8 గంటలయ్యాక ఆ నీటిని పారబోయాలి. గ్యాసు పుట్టించే చక్కెరల్లో కొంత ఆ నీళ్లలోకే దిగుతుంది కాబట్టి, వాటితోనే వండితే లాభం పోతుంది. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి, లేకపోతే పులిసి నురగ కడుతుంది.

ఫైటిక్ ఆమ్లం విషయంలో మాత్రం మొలకదే పైచేయి. గింజల్లో సహజంగా ఉండే ఈ ఆమ్లం ఇనుము, జింకులను పట్టేసి ఒంటికి అందనివ్వదు. గింజ మొలకెత్తేటప్పుడు ఫైటేజ్ ఎంజైము చురుకై దాన్ని విడగొడుతుంది. ఉబ్బరం తెచ్చే చక్కెరల్నీ మొలక తన ఎదుగుదలకు వాడుకుంటుంది. నానిన పెసల్ని పూర్తిగా వడకట్టి, తడిపి పిండిన గుడ్డలో వదులుగా మూటకట్టి, పూటకోసారి కడిగి మళ్లీ వడకట్టాలి. ఒక రోజులో అర అంగుళం మొలక వస్తుంది. మూట అడుగున నీళ్లు నిలిస్తే గింజకు గాలి ఆడదు. వేలికి జిగురు తగిలినా, పుల్లటి వాసన వచ్చినా పారేయండి. మంచి మొలకనైనా ఆవిరి మీద ఉడికించే తినాలి. ఆ తడి, వెచ్చదనం సూక్ష్మజీవులకూ అనుకూలమే.

బాదం సంగతి వేరు. రాత్రంతా నానితే తొక్క ఊడి మెత్తబడుతుంది, ఫైటిక్ ఆమ్లం మాత్రం పెద్దగా తగ్గదు. వేడితో శుద్ధి చేసిన పప్పు మొలకెత్తడం కూడా కష్టం. నమలడానికి సులువని నానబెట్టుకోండి, అంతే.