పిండి మర 10 హెచ్‌పీ మోటారుకు స్టార్ డెల్టా స్టార్టర్: ఏళ్ల వాడకం తర్వాత నా మాట

మా పిండి మరకు 10 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఉంది. మొదట డైరెక్ట్ స్టార్టర్ మీద చాలా ఏళ్లు నడిపాం. తర్వాత ఆటోమేటిక్ స్టార్ డెల్టా పెట్టాం. ఇది మోటారు వైండింగ్‌ను మొదట స్టార్‌లో కలిపి తక్కువ వోల్టేజీతో లేపుతుంది, స్పీడు అందుకున్నాక టైమర్‌తో డెల్టాలోకి మార్చి పూర్తి వోల్టేజీ ఇస్తుంది. రెండూ బాగా వాడాను కాబట్టి తేడా చెబుతున్నాను.

ఈ మోటారు ఫుల్ లోడులో 14, 15 ఆంప్స్ లాగుతుంది. డైరెక్ట్‌గా ఆన్ చేస్తే మాత్రం స్పీడు అందుకునేదాకా అంతకు ఆరేడు రెట్లు, అంటే 90 ఆంప్స్ దాకా పోతుంది. మాది లైను చివర కనెక్షన్. బటన్ నొక్కగానే వోల్ట్ మీటరు 400 నుంచి 330కి పడిపోయేది. చుట్టుపక్కల ఇళ్లలో లైట్లు మసకబారేవి. పైగా వోల్టేజీ తగ్గితే మోటారు బలం ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. అందుకే స్పీడు అందుకోవడం ఆలస్యమయ్యేది, ఆ సేపంతా వైండింగ్ వేడెక్కేది.

స్టార్‌లో లైను నుంచి తీసుకునే కరెంటు మూడో వంతే, దాదాపు 30 ఆంప్స్. ఇప్పుడు వోల్టేజీ 375 కిందికి పోవడం లేదు. పక్కింటివాళ్లతో మాట పడటం లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

అయితే కరెంటుతో పాటు తిప్పే బలమూ మూడో వంతుకు పడిపోతుంది. రాళ్ల మధ్య గింజలుంటే స్టార్‌లో మర లేవదు. రాళ్లు ఎడం చేసి, హాపర్ గేటు మూసి, ఖాళీగానే ఆన్ చేయాలి. డెల్టాలోకి వచ్చాకే గింజలు వదలాలి. పిండి పడుతుండగా కరెంటు పోతే మాకు పెద్ద తలనొప్పి. కరెంటు వచ్చాక రాళ్లు వదులు చేసి, మధ్యలో ఇరుక్కున్నది తీసేశాకే బటన్ నొక్కుతాం.

టైమర్ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. మాకు 8 సెకన్లు సరిపోయింది, మీ మరకు వేరేగా ఉండొచ్చు. ఆమీటరు చూడండి. స్టార్‌లో ముల్లు బాగా కిందికి దిగి నిలబడ్డాక డెల్టా పడాలి. ముందే పడితే ముల్లు ఎగిరి డైరెక్ట్ స్టార్ట్ అంత కరెంటు లాగుతుంది, స్టార్టర్‌కు పెట్టిన డబ్బు దండగే. ముల్లు ఎంతసేపటికీ దిగకపోతే టైమర్ పెంచకండి. బెల్టు మరీ బిగుతుగా ఉందేమో, బేరింగ్ పట్టేసిందేమో, రాళ్లు తగులుతున్నాయేమో చూడండి.

ఓవర్‌లోడ్ అయితే మోటారును ఆపే రిలే సెట్టింగూ అడిగి చేయించుకోండి. మా స్టార్టర్‌లో రిలే వైండింగ్ కరెంటునే చూస్తుంది, అందుకే ఫుల్ లోడు కరెంటులో 58 శాతానికి, అంటే 8.5 ఆంప్స్ దగ్గర పెట్టాం. అక్కడ 15 పెడితే మోటారు కాలిపోయినా రిలే ట్రిప్ కాదు.

3 హెచ్‌పీ కారం మరకు ఇది అనవసరం, డైరెక్ట్ స్టార్టరే చాలు. 10 హెచ్‌పీ ఉండి, లైను బలహీనంగా ఉంటే మాత్రం కొనండి. మోటారు టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి ఉన్నాయో లేదో, నేమ్ ప్లేట్ మీద 415 వోల్టులకు డెల్టా అని ఉందో లేదో ముందు చూసుకోండి.