ఇంటర్న్‌షిప్ లేని రెజ్యూమెకి ఓపెన్ సోర్స్: ఏడాదికి పైగా వాడాక నా రివ్యూ

మాది గుంటూరు, ఇంజనీరింగ్‌లో ఇంటర్న్‌షిప్ ఒక్కటీ లేదు. రెజ్యూమెలో ఆ ఖాళీ నింపడానికి గిట్‌హబ్‌లో ఒక చిన్న ప్రాజెక్టు పెట్టాను. data.gov.in లో రోజువారీ మార్కెట్ ధరలు ఏపీఐగా దొరుకుతాయి కదా, అందులోంచి గుంటూరు మిర్చి ధరలు తీసి, కనిష్ఠం, గరిష్ఠం రోజూ ఒక ఫైల్లో దాచి చూపించేది. ఐడియా గొప్పదేం కాదు, కానీ మా నాన్న కూడా ఓపెన్ చేసి చూసేవారు.

అసలు లాభం పక్కదారిలో వచ్చింది. టెర్మినల్‌లో పట్టిక గీయడానికి ఒక చిన్న పైథాన్ లైబ్రరీ వాడితే, తెలుగు పేర్లున్న వరసల్లో గీతలన్నీ వంకర. కారణం ఇది:

```
len("మిర్చి")   # 6
```

మన కంటికి రెండు అక్షరాలే, పైథాన్ మాత్రం గుడులూ పొల్లూ విడిగా లెక్కపెట్టి ఆరంటుంది, ఆ లైబ్రరీ వెడల్పుని len తోనే కొలిచేది. ముందు ఇష్యూ రాశాను, స్క్రీన్‌షాట్‌తో పాటు సమస్యని మళ్లీ తెప్పించే రెండు లైన్ల కోడ్ పెట్టి. తర్వాత పుల్ రిక్వెస్ట్. మెయింటైనర్ వెంటనే ఒప్పుకోలేదు, టెస్ట్ ఏదని అడిగాడు, నేను పనిలో పనిగా సర్దిన వేరే ఫైళ్లు తీసేయమన్నాడు. వారాలు పట్టింది, చివరికి మెర్జ్ అయింది.

ఇంటర్వ్యూలో అడిగినవన్నీ దీని మీదే. ఆరు ఎందుకొచ్చింది, మెయింటైనర్ అభ్యంతరం ఏంటి, ఎలా సమాధానపడ్డావు. అందుకే రెజ్యూమెలో ప్రొఫైల్ లింక్ ఒక్కటే పెట్టకండి, మెర్జ్ అయిన పుల్ రిక్వెస్ట్ లింకే నేరుగా పెట్టి, పక్కన ఒక్క లైన్లో ఏం సరిచేశారో రాయండి. ప్రొఫైల్లో తిరిగి వెతికే ఓపిక ఎవరికుంటుంది? మీవి ఏవో మీకే గుర్తులేకపోతే గిట్‌హబ్ సెర్చ్‌లో `is:pr is:merged author:` తర్వాత మీ యూజర్‌నేమ్ కొట్టండి. రీడ్‌మీలో స్పెల్లింగ్ దిద్దినవి మాత్రం లెక్కలోకి రావు, పుల్ రిక్వెస్టులకి టీషర్టులిచ్చిన 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో జనం అలాంటివి గుప్పించాకే ఇష్టపడి చేరిన ప్రాజెక్టులనే లెక్కించేలా రూల్ మార్చారు.

పరిమితి కూడా చెప్పాలి. వేలమందిని ఒకేసారి తీసుకునే డ్రైవ్‌లలో దీనికి విలువ దాదాపు సున్నా, అక్కడ ముందు పర్సంటేజీ, ఆప్టిట్యూడ్ కటాఫ్‌లే, లింక్ తెరిచే మనిషే ఉండడు. నాకు ఫోన్లు వచ్చింది చిన్న కంపెనీల నుంచే, అక్కడ రెజ్యూమె చదివేది కోడ్ రాసేవాళ్లే.

ఇంకో చిరాకు. రోజూ ధరలు తెచ్చే పని గిట్‌హబ్ యాక్షన్స్‌లో పెడితే, పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఆ షెడ్యూల్‌ని అదే ఆపేస్తుంది. పేజీ తెరుచుకుంటుంది గానీ ధరలు పాతవి. అప్లై చేసే ముందు పేజీలో చివరి తేదీ చూసుకోండి. టైమింగ్ కూడా మామూలుగా యూటీసీలో ఉంటుంది, మన టైమ్ రాత్రి 9కి నడవాలంటే `30 15 * * *` అని రాయాలి.